జీడిపప్పు వెబినార్‌ని పదిహేను సెకన్ల ముక్కలు చేసిన పని: నా అనుభవం

గుణుపురంలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకునే నాకు ఈ పని మా బావగారి ద్వారా వచ్చింది. పర్లాకిమిడిలో ఒక శిక్షణ సంస్థ వాళ్ళు జనవరి 19, ఆదివారం సాయంత్రం జీడిపప్పు చిన్న యూనిట్ల మీద వెబినార్ పెట్టారు. మాట్లాడింది పలాస జీడి ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, ఇప్పుడు కాశీనగర్‌లో స్థిరపడ్డ ఒక పెద్దాయన. పాఠం చెప్పే ధోరణి చూసి అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. మార్చిలో కొత్త జీడిపిక్కలు దిగేలోపు డబ్బు కట్టి నేర్చుకునే బ్యాచ్ ఒకటి మొదలుపెట్టాలని వాళ్ళ ఆలోచన. దానికి ప్రచారంగా ఆ వెబినార్‌లోంచే ఆరు ముక్కలు కావాలన్నారు. ఒక్కోటి పదిహేను సెకన్లు, ఒక్కోటి ఒక్కోలా మొదలవ్వాలి. ఆరు వేలకు ఒప్పుకున్నాను, రెండు వేలు అడ్వాన్సు.

ఫైలు చేతికి రావడానికే వారం పట్టింది. నిర్వాహకుడు మొదట వాట్సాప్‌లో మామూలు వీడియోలా పంపాడు. అది నలిగి, మాస్టారి మొహం మీద గడులు గడులుగా వచ్చింది. డాక్యుమెంట్‌గా పంపమంటే వాళ్ళ ఆఫీసు నెట్ మధ్యలో ఆగిపోతోందన్నాడు. చివరికి పెన్‌డ్రైవ్‌లో వేసి, గుణుపురం రైల్లో వచ్చే ఒకాయన చేతికిచ్చి పంపాడు. సాయంత్రం స్టేషన్‌కి వెళ్ళి తెచ్చుకున్నాను.

ఫైలు గంటా యాభై నిమిషాలకు కొంచెం పైనే ఉంది. అడ్డంగా ఉన్న బొమ్మ, 1280 బై 720. అందులో చాలాసేపు స్లైడ్లే. మాస్టారు పక్కన చిన్న గడిలో అగ్గిపెట్టె మీద బొమ్మంత ఉన్నారు. ఫోన్లో నిలువుగా చూసే వీడియో 1080 బై 1920 ఉండాలి. 720 ఎత్తున్న బొమ్మలోంచి నిలువు ముక్క కోస్తే వెడల్పు ఇంచుమించు నాలుగొందల చుక్కలే మిగులుతుంది. దాన్ని రెండున్నర రెట్లకు పైగా సాగదీస్తే మనిషి ఆవిరి వెనక నిలబడ్డట్టు కనిపిస్తాడు. కాబట్టి వెబినార్‌లోంచి వాడుకోగలిగింది ముఖ్యంగా గొంతే, బొమ్మ మళ్ళీ తీయించాల్సిందే అని మొదటి రోజే అర్థమైంది. నిర్వాహకుడికి చెప్తే, "ఉన్న వీడియో ముక్కలు చెయ్యడానికి మళ్ళీ షూటింగ్ ఏటమ్మా?" అన్నాడు. పాత ముక్కా, నా ఫోన్లో తీసిన ముక్కా పక్కపక్కన పెట్టి పంపాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈ పనిలో ఎక్కువ టైము తినేది వినడమే. నోటు పుస్తకంలో మూడు గడులు గీసుకుని, ఒక దాంట్లో నిమిషం, రెండో దాంట్లో అన్న మాట, మూడో దాంట్లో ఆ మాట విడిగా విన్నా అర్థమవుతుందా లేదా అని రాసుకుంటూ మొత్తం విన్నాను. అసలు పరీక్ష ఆ మూడో గడే. మొదటి నలభై నిమిషాలు పరిచయాలు, పథకాల వివరాలు, జీడి చెట్టు చరిత్ర. మాస్టారు బాగానే చెప్పారు, కానీ ఒక వాక్యం ముందు వాక్యం మీద ఆనుకుని ఉంటుంది. విడదీస్తే నిలబడదు. ఆ భాగంలో మూడో గడి దాదాపు ఖాళీగానే ఉండిపోయింది. చివర్లో జనం ప్రశ్నలు అడగడం మొదలుపెట్టగానే గడి నిండుతూ వచ్చింది. ప్రశ్న అడిగేవాడు తన డబ్బు, తన చేయి, తన సరుకు గురించి అడుగుతాడు. వినేవాడు కూడా అదే మనిషి. ఆరింటిలో నాలుగు ముక్కలు ఆఖరి నలభై నిమిషాల్లోంచే తీశాను.

అందులో ఒకటి ఎలా తయారైందో మొత్తం చెప్తాను, ఎందుకంటే మిగతావి కూడా ఇదే దారిలో నడిచాయి. గంటా పద్నాలుగు నిమిషాల దగ్గర ఒక రైతు, "మాస్టారూ, బస్తా పిక్కలు కొంటే పప్పు ఎంతొస్తాదండి?" అని అడిగాడు. మాస్టారి జవాబు దాదాపు మూడు నిమిషాలు సాగింది. మంచి ప్రశ్న అన్నారు, పిక్కని బట్టి ఉంటుందన్నారు, పలాసలో ఒకసారి జరిగింది చెప్పారు, మధ్యలో ఎవరో మైకు ఆపలేదు, కుక్క మొరిగింది. కానీ ఆ మూడు నిమిషాల్లో ఒక బంగారు లెక్క ఉంది. ఈ వ్యాపారంలో బస్తా అంటే 80 కిలోలు. కొనేముందు అందులోంచి కిలో పిక్కలు కలగలిపి తీసి కోసి, మంచి పప్పు తూచాలి. 270 గ్రాములు వస్తే బస్తాకి ఇంచుమించు ఇరవై ఒకటిన్నర కిలోల పప్పు వస్తుంది. 200 గ్రాములే వస్తే పదహారు కిలోలే. అదే ధరకి ఆ సరుకు కొన్నవాడు బస్తాకి ఐదున్నర కిలోలు పోగొట్టుకున్నట్టే.

పదిహేను సెకన్లకి ఎన్ని మాటలు పడతాయో చూసుకున్నాను. మాస్టారు మాట్లాడే వేగానికి ముప్ఫై దాటవు. చివర రెండున్నర సెకన్లు ఫోన్ నంబరు, బ్యాచ్ తేదీ ఉన్న పలక చూపించాలి, లేకపోతే చదివే వ్యవధి ఉండదు. అంటే మాటలకి మిగిలేది పన్నెండున్నర సెకన్లే, పాతిక మాటలు. అందుకే వెనక నుంచి కట్టాను. మొదట, వినేవాడు ఇంటికి పట్టుకెళ్ళే వాక్యం ఏదో తేల్చుకున్నాను: 270 వస్తే ఇంత, 200 వస్తే ఇంత. తరవాత, ఆ వాక్యం అర్థం కావడానికి తప్పనిసరిగా ముందుండాల్సింది ఏమిటి? కిలో కోసి తూచమనడం. ఆఖరున మొదటి రెండు సెకన్లు వెతికాను. రైతు గొంతులో ఉన్న ఆ ప్రశ్న అలాగే సరిపోయింది. మాస్టారి గొంతుతో మొదలుపెడితే పాఠంలా ఉంది. రైతు గొంతుతో మొదలుపెడితే పక్కింటాయన అడిగినట్టుంది.

ఇక్కడే నేను అనుకోని అడ్డం ఒకటి వచ్చింది. ఆ గొంతు ఆయనది. ప్రకటనలో వాడతామని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నిర్వాహకుడు "వెబినార్‌లో మాట్లాడాడు కదా, ఇంకేటి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నంబరు పట్టుకుని అడిగితే, పేరు వెయ్యకపోతే అభ్యంతరం లేదన్నాడు. దానికి నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది, ఆయన కూతురి సీమంతంలో ఉన్నాడు. ఇంకో ప్రశ్న అడిగినావిడ వద్దంది. ఆ ప్రశ్నని మాస్టారి చేతే మళ్ళీ అడిగించి రికార్డు చేశాం.

కోసేటప్పుడు ఒక మెలిక ఉంది, తెలియకపోతే మొదలే చెడుతుంది. కంప్యూటర్లో త్వరగా కోయాలని చాలామంది వీడియోని మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యకుండా ఉన్నది ఉన్నట్టు కాపీ చేసే పద్ధతి వాడతారు. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. కొన్ని సెకన్లకొకసారి ఒక పూర్తి ఫ్రేమ్ ఉంటుంది, మిగతావి దాంట్లో వచ్చిన మార్పులే. కాపీ పద్ధతిలో కోత ఆ పూర్తి ఫ్రేమ్ దగ్గరే పడుతుంది. మనం అడిగిన చోటు దానికి రెండు సెకన్ల తరవాత ఉంటే, ముక్క ముందు అక్కర్లేని మాట వచ్చి చేరుతుంది, లేదా గొంతు వస్తూ బొమ్మ గడ్డకట్టి ఉంటుంది. రెండు గంటల వీడియోలో రెండు సెకన్లు ఎవరికీ తెలియవు. పదిహేను సెకన్ల ముక్కలో ఆ రెండు సెకన్లే హుక్, అంటే చూసేవాడిని పట్టి ఆపే మొదలు. అందుకే మళ్ళీ ఎన్‌కోడ్ చేసి కోశాను. మొదట వచ్చే రైతు ప్రశ్నని ffmpeg అనే ప్రోగ్రాంతో ఇలా కోశాను:

```
ffmpeg -ss 01:14:22 -i webinar.mp4 -t 3 -c:v libx264 -c:a aac mukka1.mp4
```

కోశాక కళ్ళు మూసుకుని మొదటి అక్షరం వినాలి. "మాస్టారూ"లో "మా" సగం తెగిందా, చక్కగా ఉందా అన్నది చెవికే తెలుస్తుంది.

బొమ్మల కోసం ఫిబ్రవరి మొదటి వారంలో కాశీనగర్ వెళ్ళాను. కొత్త పంట ఇంకా లేదు, మాస్టారి గోదాములో నిరుటి పిక్కలు మూడు బస్తాలున్నాయి. కత్తెర మిషన్ మీద పిక్క పెట్టడం, కాలితో తొక్కడం, పెంకు విడిపోవడం, తక్కెట్లో పప్పు పడటం, అంకె ఆగడం అన్నీ ఫోన్ నిలువుగా పట్టుకుని తీశాను. మాటలు కత్తిరించిన చోట మాస్టారి మొహం ఉంటే పెదవులు గెంతుతాయి. అక్కడ తక్కెడ బొమ్మ వేస్తే కోత కనపడదు. కత్తిరించిన చోట్లు ఎన్ని ఉన్నాయో ముందే రాసుకుని వెళ్ళాను కాబట్టి అన్ని బొమ్మలే తెచ్చుకున్నాను. భోజనానికి మాస్టారి ఇంట్లో ఆనపకాయ పులుసు. తిన్నాక ఆయన, "ఇదంతా ఎన్ని నిమిషాలొస్తాదమ్మా?" అన్నారు. పదిహేను సెకన్లని చెప్పినా నమ్మలేదు.

రెండో ముక్క కథ వేరు. వెబినార్‌లో మాస్టారు ఎండిన పిక్కల్ని స్టీలు పళ్ళెంలో వేసి ఊపుతూ, "ఈ సప్పుడు ఇనండి" అంటారు. బాగా ఎండితే లోపల పప్పు పెంకుని వదిలి గలగలలాడుతుంది, తడి పిక్కలు మొద్దుగా చప్పుడు చేస్తాయి. హుక్‌కి ఇంతకంటే ఏం కావాలని సంబరపడి ఆ చోటుకి వెళ్తే, పళ్ళెం ఊగుతోంది, చప్పుడు లేదు. పూర్తిగా నిశ్శబ్దం. మీటింగ్ యాప్‌లో పక్క శబ్దాలు అణిచే ఏర్పాటు ఉంటుంది. దానికి మనిషి గొంతు కానిదంతా రొద కిందే లెక్క. ఫ్యాను చప్పుడుతో పాటు జీడిపిక్కల గలగలనీ తుడిచేసింది. వెబినార్ చూసినవాళ్ళకీ ఆ రోజు ఏమీ వినపడి ఉండదు, ఒక్కరూ అడగలేదు పాపం. తుడిచేసిన శబ్దాన్ని ఎడిటింగ్‌లో వెనక్కి తేలేం. కాశీనగర్‌లోనే రెండు పళ్ళేలు పెట్టి, ఒకదాంట్లో ఎండినవి, రెండో దాంట్లో రాత్రి నీళ్ళలో తడిపినవి వేసి, ఫోన్ దగ్గరగా పెట్టి రికార్డు చేశాం.

అయినా చిక్కు తీరలేదు. చాలామంది ఫోన్లో శబ్దం ఆపేసి చూస్తారు. చప్పుడే హుక్ అయితే వాళ్ళకి హుక్ లేనట్టే. అందుకని మొదటి ఫ్రేములోనే రెండు పళ్ళేలు పక్కపక్కన పెట్టి, పైన పెద్ద అక్షరాల్లో "ఏది కొంటారు? సౌండ్ పెట్టి వినండి" అని రాశాను. శబ్దం పెట్టనివాడికి ప్రశ్నయినా మిగులుతుంది.

తెలుగు అక్షరాలు స్క్రీన్ మీద వెయ్యడం ఇంకో తలనొప్పి. నా ఫోన్లో ఉన్న ఎడిటింగ్ యాప్‌లో నచ్చిన ఫాంటు ఎంచితే "పిక్కలు"లో ఒత్తు ఊడి "పిక్‌కలు" అని వచ్చింది. "పప్పు" కూడా అంతే. వాక్యానికో ఒత్తు ఉండే భాషలో ఇది చూసీ చూడనట్టు వదిలేసే తప్పు కాదు. ఆ యాప్‌కి అక్షరాల్ని కలిపి గీయడం రాదు, ఫాంటు మార్చినా ఉపయోగం లేదు. కంప్యూటర్లో నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో మాటల్ని విడి బొమ్మలుగా, వెనక ఏమీ లేకుండా తయారు చేసి, వాటిని వీడియో మీద అతికించాను. మాట మారిస్తే బొమ్మ మళ్ళీ చేసుకోవాలి, నెమ్మది పనే, కానీ ఏ ఫోన్లో చూసినా ఒత్తు ఒత్తులాగే ఉంటుంది. ఇంకో సంగతి, రీల్స్‌లో కింద మూడో వంతు దాకా పేరు, వివరం వచ్చి కూర్చుంటాయి, కుడి పక్క గుర్తులుంటాయి. మొదట కింద రాసిన ఫోన్ నంబరు వాటి వెనక్కి పోయింది. మధ్యకి జరిపాను.

నిర్వాహకుడితో గట్టిగా వాదన పడింది రెండు విషయాల మీద. మొదటిది సంస్థ గుర్తు. ప్రతి ముక్క మొదట్లో మూడు సెకన్లు అది తిరుగుతూ రావాలన్నాడు. అది పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి చేసి, వాళ్ళ ఆఫీసులో చాయ్ ఇచ్చే కుర్రాడికి రెండూ చూపించమన్నాను. మొదటిది వాడు గుర్తు తిరుగుతుండగానే వేలితో పైకి తోసేశాడట. గుర్తు చివరి పలక మీదకి వెళ్ళింది.

రెండోది సబ్సిడీ. ఆహార పదార్థాల చిన్న యూనిట్లకి అప్పట్లో కేంద్ర ప్రభుత్వ పథకం పీఎంఎఫ్ఎంఈ కింద సాయం ఉండేది. వెబినార్‌లో మాస్టారు దాన్ని సరిగ్గానే చెప్పారు: అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా, అదీ బ్యాంకు అప్పుతో ముడిపడి. నిర్వాహకుడికి మాత్రం "10 లక్షల సబ్సిడీ!" అని మొదలయ్యే ముక్క కావాలి. నిజానికి ఆరింటిలోకీ అదే బలమైన హుక్, నాకూ తెలుసు. కానీ ఆ అంకె పలికాక మూడు షరతులూ చెప్పాలి. రాసి, చదివి, గడియారం పెట్టి చూశాను, పద్దెనిమిది సెకన్లకి తగ్గలేదు. షరతులు తీసేస్తే పట్టింది. అప్పుడు వినేవాడికి 10 లక్షలు ఊరికే ఇస్తారనే అర్థమవుతుంది. మాస్టారికి ఫోన్ చేసి విన్పించాను. "నా గొంతుతో ఆ మాట బయటికెళ్తే, కాశీనగర్ బజార్లో నేను తిరగలేనమ్మా" అన్నారు. ఆ మాటతో తేలిపోయింది.

దాని బదులు హుక్‌నే తిరగేశాం. "సబ్సిడీ కావాలా? ముందు బ్యాంకు అప్పు రావాలి" అని మాస్టారి మాటే మొదట పెట్టి, ఖర్చులో 35 శాతం వరకని చెప్పి, 10 లక్షల అంకె చివరి పలక మీద "గరిష్ఠంగా" అన్న మాటతో పెట్టాను. చూసినవాళ్ళు తక్కువే. కానీ అది చూసి ఫోన్ చేసినవాళ్ళు బ్యాంకు గురించే అడిగారని నిర్వాహకుడే తరవాత చెప్పాడు.

మిగతావి తొందరగానే అయ్యాయి. పెంకులోని జీడి చేతులు కాలుస్తుందని, కోసేవాళ్ళు ముందే నూనె రాసుకోవాలని ఒకటి, మాస్టారి పాత మచ్చల చెయ్యే మొదటి బొమ్మ. గుండు పప్పుకీ బద్దకీ ధరలో తేడా ఎందుకని ఒకటి, అందులో పప్పు విరిగే క్షణమే హుక్. పొట్టు వలిచే ముందు పప్పుని ఆరబెట్టే పద్ధతి మీద ఒకటి అనుకున్నంత రాలేదు. ఆరబెట్టే పెట్టెలో గంటల తరబడి జరిగేదాన్ని పదిహేను సెకన్లలో చూపిస్తే వంటల వీడియోలా అయింది. ఎంత మార్చినా మొదటి రెండు సెకన్లలో చూడాలనిపించేది ఏమీ దొరకలేదు. ఉన్నదున్నట్టు ఇచ్చేశాను.

ఫిబ్రవరి రెండో వారంలో అన్నీ పంపితే, మాస్టారు చూసి సరే అనడానికి ఇంకో వారం పట్టింది. ఆయన ఫోన్లో సిగ్నల్ ఉండేది మేడ మీదే. అన్నీ ఒకే రోజు పెట్టేస్తామన్నారు, వద్దని రెండు రోజులకొకటి పెట్టించాను. ఏ ముక్కకి ఏ ఫోన్లు వస్తున్నాయో తెలియాలంటే మధ్యలో ఎడం ఉండాలి. ఫోన్ ఎత్తే అమ్మాయి చేత "ఏ వీడియో చూశారు?" అని అడిగించి రాయించాం. బూస్ట్ చెయ్యడానికి వాళ్ళు పెట్టింది పదిహేను వందలే, అది కూడా బస్తా లెక్క ముక్కకీ గలగల ముక్కకీ. ఎక్కువమంది చూసింది గలగల. ఎక్కువమంది ఫోన్ చేసింది బస్తా లెక్కకి. ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది ఒకే మాట అడిగారట, "మా పిక్కలకి 230 వచ్చింది, కొనొచ్చా?" అని. అంటే చూసి ఊరుకోలేదు, ఇంట్లో కోసి తూచారు. దానికి బస్తాకి పద్దెనిమిది కిలోల పైచిలుకు వస్తుంది, ధర తగ్గిస్తేనే కొనమని మాస్టారు జవాబు పంపారు.

ఇవే ముక్కలు ఒరియాలోనూ చేశాం. నా ఖర్చులో కాశీనగర్ ప్రయాణం, నెట్ రీచార్జి, ఒరియాలో మాటలు రాసిచ్చిన పక్కింటి టీచరమ్మకి ఇచ్చిన ఎనిమిది వందలు ఉన్నాయి. ఒరియా ముక్కలకి మాస్టారే మళ్ళీ మాట్లాడారు, ఆయనకి రెండూ ఒకేలా వచ్చు. దానికి విడిగా రెండు వేలు అడిగాను, పదిహేను వందలిచ్చారు. మొదటి ఒప్పందంలో మిగిలిన నాలుగు వేలు మార్చి మొదటి వారంలో వచ్చాయి.

ఏప్రిల్లో చింతపండు మీద ఇంకో వెబినార్ పెడతామంటున్నారు. ఈసారి ముందే ఒక కాగితం రాసి పంపాను: యాప్‌లో శబ్దాలు అణిచే సెట్టింగ్ ఆపాలి, మాట్లాడేవారి పక్కన ఒక ఫోన్ నిలువుగా పెట్టి విడిగా రికార్డు చెయ్యాలి, ప్రశ్న అడిగేవాళ్ళని గొంతు వాడుకోవచ్చా అని అప్పుడే అడగాలి, ప్రశ్నలకి చివరి నలభై నిమిషాలు కాదు, సగం టైము ఇవ్వాలి. మొదటి మూడింటికీ సరే అన్నారు. నాలుగో దాని మీద ఇంకా మాట్లాడుకుంటున్నాం, ముఖ్య అతిథి ప్రసంగం తగ్గించడం కుదరదట.